జాయినింగ్‌కి ముందు వెళ్లే ఉత్తరం

ఆఫర్ ఒప్పుకున్న రోజుకీ ఆఫీసులో అడుగుపెట్టే రోజుకీ మధ్య రెండు వారాల నుంచి రెండు నెలల దాకా గడువు ఉంటుంది. ఆ గడువులో కంపెనీ నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఒక స్వాగత లేఖ వెళ్తుంది. హైదరాబాదులో హెచ్‌ఆర్ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను కాబట్టి ఇలాంటివి కొన్ని వందలు రాశాను. మొదట్లో రాసినవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. మా కుటుంబంలోకి స్వాగతం అని ఒక వాక్యం, కంపెనీ ఎంత గొప్పదో చెప్పే ఒక పేరా, తేవాల్సిన కాగితాల జాబితా, ఉదయం తొమ్మిదిన్నరకు రిపోర్ట్ చేయమన్న మాట, కింద ఎవరి పేరూ లేకుండా ‘హెచ్‌ఆర్ టీమ్’ అన్న సంతకం. అవన్నీ ఉండాల్సినవేనని అప్పట్లో నమ్మాను.

ఆ నమ్మకం పోవడానికి ఒక కుర్రాడు కారణం. నేను అప్పట్లో పనిచేసిన కంపెనీలో ఒక నెల 23వ తేదీన చేరాడు. పనిమంతుడు. తర్వాతి నెల ఇరవై దాటాక వచ్చి, వారం రోజులు సెలవు కావాలన్నాడు. చేరి నెలైనా కాలేదు, ఏం జరిగిందని అడిగితే చాలాసేపు చెప్పలేదు. చివరికి హాస్టల్ అద్దెకు డబ్బు లేదనీ, ఊరెళ్లి తెచ్చుకుంటాననీ అన్నాడు. మా దగ్గర నెల లెక్క 20వ తేదీన ముగిసేది. ఆ తర్వాత చేరినవాళ్ల జీతం తర్వాతి నెల జీతంతో కలిపి వచ్చేది. ఆ సంగతి అకౌంట్స్‌లో అందరికీ తెలుసు, మాకూ తెలుసు. తెలియనిది అతనికొక్కడికే. మేం పంపిన రెండు పేజీల ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం లేదు. అడగొచ్చు కదా అంటే, చేరకముందే జీతం ఎప్పుడిస్తారని అడిగితే ఏమనుకుంటారో అన్నాడు.

అప్పటినుంచి నేను ఈ ఉత్తరాన్ని ఒకే కొలతతో చూస్తున్నాను. కొత్తగా చేరే మనిషికి తెలియాల్సినవి, కానీ మొహమాటంతో అడగలేనివి ఇందులో ఉన్నాయా లేవా అన్నదే ఆ కొలత. చిన్న కంపెనీల్లో అడ్మిన్ పనితోపాటు ఈ పని కూడా చూసేవాళ్లు, అకౌంట్స్‌లో ఉంటూ జాయినింగులు చూసేవాళ్లు తెలుగునాట చాలామంది. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కొత్త ఉద్యోగంలో చేరబోతున్నవాళ్లు ఇదే తిరగేసి చదువుకోవచ్చు. ఉత్తరంలో ఏది లేదో అది అడగండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో నూటయాభై మంది పనిచేసే ఒక కంపెనీ. నంద్యాలలో బీకాం చదివిన అమ్మాయి అక్కడ జూన్ 22, సోమవారం చేరుతోంది. ఇదే మొదటి ఉద్యోగం. జీతం ఏడాదికి 4 లక్షల 20 వేలని ఆఫర్‌లో ఉంది. మే 20న ఆఫర్ ఒప్పుకుంది.

ఇక్కడే మొదటి సంగతి. ఒక ఉత్తరం సరిపోదు, రెండు కావాలి. కాగితాలకు సంబంధించింది ఆఫర్ ఒప్పుకున్న మర్నాడే వెళ్లాలి. మొదటి రోజుకు సంబంధించింది వారం ముందు వెళ్లాలి. చాలా కంపెనీలు రెండూ కలిపేసి శుక్రవారం సాయంత్రం పంపుతాయి. సోమవారం జాయినింగ్‌కి శుక్రవారం కాగితాల జాబితా అందితే, శని ఆదివారాల్లో ఆ అమ్మాయి చేయగలిగింది జిరాక్స్ తీయించుకోవడం ఒక్కటే. అసలు ఇబ్బంది జిరాక్సుల్లో ఉండదు, పేర్లలో ఉంటుంది.

పేర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్లకు ఇది ప్రత్యేకంగా తగిలే దెబ్బ కాబట్టి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలిపోయింది, ఎందుకంటే ఆధార్‌లో పొడి అక్షరాలు చెల్లుతాయి. పాన్ దరఖాస్తులో మొదటి పేరుకీ చివరి పేరుకీ పొడి అక్షరాలు ఒప్పుకోరు, అందుకని అక్కడ ఇంటిపేరు పూర్తిగా రాశారు, అదీ చివర. అంటే మన నంద్యాల అమ్మాయి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. మూడూ ఆమెవే, ఎవరూ అబద్ధం రాయలేదు. కానీ కంప్యూటర్‌కు మాత్రం వాళ్లు ముగ్గురు మనుషులు.

దీనివల్ల ఏమవుతుందో ఉద్యోగంలో చేరిన రోజున తెలియదు. పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ అని ఒక నంబరు వస్తుంది, అది జీవితాంతం ఒక్కటే. ఆ నంబరు ఆధార్ పేరుతో తయారవుతుంది. దానికి పాన్ జతచేయబోతే పేరు సరిపోలేదని వెనక్కి కొడుతుంది. ఆధార్‌తో పాన్ అనుసంధానం కూడా అలాగే ఆగుతుంది. అనుసంధానం కాని పాన్ పనిచేయనిదిగా లెక్క, పన్ను కట్టాల్సినంత జీతం ఉన్నవాళ్లకు అప్పుడు ఎక్కువ రేటున కోత పడుతుంది. మూడేళ్ల తర్వాత ఆమె కంపెనీ మారి పీఎఫ్ బదిలీ చేసుకోబోయినప్పుడో, పెళ్లికి డబ్బు తీసుకోబోయినప్పుడో ఈ చిక్కు బయటపడుతుంది. పీఎఫ్ సంస్థ 2025 జనవరి నుంచి సవరణలు సులువు చేసింది. ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ ఉన్నవాళ్లు పేరు, పుట్టినతేదీ వంటివి చాలావరకు యజమాని ప్రమేయం లేకుండా వాళ్లే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. అయినా అసలు ఆధార్‌లోనే పేరు సగం ఉంటే ఆ సౌకర్యం ఉపయోగపడదు.

కాబట్టి మొదటి ఉత్తరంలో నేను ముందుగా అడిగేది కాగితాలు పంపమని కాదు. ఎస్సెస్సీ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, నాలుగింటిలో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపమంటాను. పుట్టినతేదీ కూడా. ఇది పది నిమిషాల పని. తేడా ఉంటే నెల ముందే తెలుస్తుంది.

తేడా ఉంటే దేన్ని మార్చాలి? ఎస్సెస్సీ మెమోను కదపకూడదు, మిగతా చదువంతా దాని మీదే నిలబడి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, దాన్ని మెమోలో ఉన్నట్టు పూర్తిగా రాయించుకోవడం మేలు, పాన్‌తో పొత్తు కుదిరేది అప్పుడే. కానీ తొందరపడకూడదు. ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీని ఒక్కసారే. ఆంగ్ల అక్షరాల వరుస ముందు కాగితం మీద రాసుకుని, కేంద్రంలో తెరమీద చూపించినప్పుడు ఒక్కొక్క అక్షరం సరిచూసుకుని ఒప్పుకోవాలి. తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు. ఈ వరుసలో వెళ్తే ప్రతి అడుగుకూ ముందరి కాగితం రుజువవుతుంది. జాయినింగ్‌లోపు ఇవన్నీ పూర్తికాకపోవచ్చు. అందుకోసం చేరే తేదీని వాయిదా వేయనక్కర్లేదు, ఆ మాట ఉత్తరంలోనే రాసేయాలి. లేకపోతే పేరు సరిపోలేదన్న భయంతో ఆ పిల్ల ఫోన్ ఎత్తడం మానేస్తుంది. నాకు ఇది రెండుసార్లు అనుభవం.

ఇదే ఉత్తరంలో ఇంకో ప్రశ్న ఉండాలి. ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు జతయి ఉంది? మన పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి అది నాన్నది. ఎప్పుడో స్కూల్లో ఉన్నప్పుడు తీయించిన ఆధార్ అది. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌ను ఉద్యోగే తన ఫోన్‌లో ఉమంగ్ యాప్ ద్వారా, ముఖం చూపించి తీసుకోవాలి. దానికి ఓటీపీ ఆధార్‌కు జతయిన నంబరుకే వెళ్తుంది. నాన్న నంద్యాలలో, అమ్మాయి రాయదుర్గంలో, ఓటీపీ గడువు కొద్ది నిమిషాలు. ఆయన పొలంలో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఆరోజు పని అంతే. ఊళ్లో ఉండగానే నంబరు మార్పించుకోమని ఒక్క వాక్యం రాస్తే ఇదంతా తప్పుతుంది.

యూఏఎన్ విషయంలోనే ఒక హెచ్చరిక. ‘ఇదే మొదటి ఉద్యోగం’ అన్నవాళ్లలో కొందరికి అప్పటికే యూఏఎన్ ఉంటుంది. డిగ్రీ సెలవుల్లో రెండు నెలలు కాల్ సెంటర్‌లోనో, సూపర్ మార్కెట్‌లోనో చేసి ఉంటారు. దాన్ని ఉద్యోగంగా వాళ్లు లెక్కేయరు. అందుకే ‘ఇంతకుముందు ఉద్యోగం చేశారా’ అని అడగడంకంటే ‘ఎప్పుడైనా, ఎన్ని రోజులైనా, ఎక్కడైనా మీ జీతంలో పీఎఫ్ కోశారా’ అని అడిగితే నిజం బయటికొస్తుంది. చేరినరోజు నింపే ఫారం 11లో అదే అడుగుతారు. అక్కడ లేదని రాసి సంతకం పెట్టాక పాత నంబరు బయటపడితే దాన్ని సరిచేయడం ఇద్దరికీ తలనొప్పే.

కాగితాలు ఎలా పంపాలో కూడా చెప్పాలి. ఆధార్ కాపీని ఎవరిదో సొంత వాట్సాప్‌కు పంపమనడం మంచి పద్ధతి కాదు. కంపెనీ పోర్టల్ ఉంటే దానిలో, లేకపోతే కంపెనీ మెయిల్‌కు. మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉడాయ్ వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు, పేరు సరిచూడటానికి అది చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడానికి మాత్రమే తెమ్మనాలి, చూసి అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తామని రాయాలి. ఒరిజినల్స్ మా దగ్గరే పెట్టుకుంటామనే కంపెనీ ఎదురైతే, చేరేవాళ్లు అక్కడే ఆగి ఆలోచించుకోవాలి.

ఈ మాటకు జతగా మరొకటి. ఉద్యోగాల పేరుతో మోసాలు చేసేవాళ్లు పంపేవి కూడా స్వాగత లేఖలే. లాప్‌టాప్‌కు డిపాజిట్ అనీ, శిక్షణకు ఫీజు అనీ, తర్వాత తిరిగిస్తామనీ అంటారు. అందుకే మా ఉత్తరంలో రెండు వాక్యాలు తప్పనిసరి: చేరడానికి మేం ఏ రూపంలోనూ డబ్బు అడగం, అనుమానం ఉంటే మా వెబ్‌సైట్‌లో ఉన్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి ఈ ఉత్తరం నిజమైనదేనా అని కనుక్కోండి. ఉత్తరంలోనే ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి సరిచూసుకుంటే లాభం లేదు, ఆ నంబరు మోసగాడిదే అయి ఉండొచ్చు. ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ఈ రెండు వాక్యాలు ధైర్యాన్నిస్తాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. రెండో ఉత్తరంలో అన్నింటికంటే ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలని నా అభిప్రాయం.

ఏడాదికి 4,20,000 అంటే నెలకు 35,000 అని ఆ అమ్మాయి ఇంట్లో లెక్కేసుకుంది. అందరూ అలాగే వేసుకుంటారు. కంపెనీ లెక్క వేరు. ఆ 35,000లో సగం, 17,500, బేసిక్. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,800 అందులోదే. ఇది 15,000 పరిమితి మీద నూటికి 12. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది బేసిక్‌లో 4.81 శాతం, అంటే 842. ఈ రెండూ తీసేస్తే జీతం స్లిప్పులో కనిపించే మొత్తం 32,358. అందులోంచి ఆమె వాటా పీఎఫ్ 1,800, తెలంగాణలో 20,000 దాటిన జీతానికి వృత్తిపన్ను 200 పోతాయి. చేతికొచ్చేది 30,358. కొత్త విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను ఉండదు.

35,000 అనుకున్నది 30,358 అయింది. ఈ తేడా మోసం కాదు, రెండు పీఎఫ్ వాటాలూ ఆమె ఖాతాలోకే వెళ్తున్నాయి. కానీ ముందు చెప్పకపోతే మోసపోయినట్టే అనిపిస్తుంది. మొదటి నెల జీతం చూసి మొహం వాడిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఆఫర్ లెటర్‌లో ఆంగ్లంలో పట్టిక ఉందిగా అంటారు. ఉంది. ఆ పట్టిక చదివి చేతికెంతొస్తుందో చెప్పడం మొదటి ఉద్యోగంలో చేరేవాళ్లకు రాదు. కింద ఒక్క గీత గీసి, ‘ప్రతినెలా మీ ఖాతాలో పడేది సుమారు 30,350’ అని రాయడానికి మనకు నిమిషం పడుతుంది.

తర్వాతది, ఎప్పుడు పడుతుంది. ఈ కంపెనీలోనూ నెల లెక్క 20వ తేదీన ముగుస్తుంది. ఆమె 22న చేరుతోంది. పాత పద్ధతిలో అయితే జూన్‌లో చేసిన 9 రోజుల జీతం జులై జీతంతో కలిపి జులై 31న వస్తుంది. అంటే చేరిన 39 రోజులకు. ఆమె వైపు నుంచి చూడండి. హాస్టల్ నెలకు 8,000 అనుకుందాం, అడ్వాన్స్ మరో 8,000. చేరేముందు రోజే 16,000 కట్టాలి. జులై 21కి మళ్లీ అద్దె 8,000. దారిఖర్చులు, టిఫిన్లు ఒక 3,000. జీతం మొహం చూడకముందే 27,000 కావాలి. ఇంటినుంచి తెచ్చుకున్నది 20,000 అయితే రెండో అద్దె దగ్గర ఆగిపోతుంది. నేను పైన చెప్పిన కుర్రాడు ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

పేరోల్ ముగిసిపోయింది కాబట్టి ఏం చేయలేమనడం సరికాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెలజీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. జూన్‌లో చేసిన పనికి జీతం జులై 7 లోపు రావాలి. అకౌంట్స్‌వాళ్లు నెల చివర కొత్తగా చేరినవాళ్లకు మాత్రమే ఒక చిన్న అదనపు పేరోల్ నడిపితే సరిపోతుంది, నూటయాభై మంది ఉన్నచోట అది ఒక పూట పని. మన అమ్మాయికి 9 రోజులకు మొత్తం 9,707, అందులో పీఎఫ్ 630 పోగా 9,077 వస్తుంది. వృత్తిపన్ను పడదు, ఆ నెల జీతం 15,000 లోపే కనుక. జులై 7న ఆ తొమ్మిదివేలు చేతిలో పడితే జులై 21 అద్దె గడిచిపోతుంది. హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు ఉత్తరం రాయడానికి ముందు అకౌంట్స్‌తో కూర్చుని ఈ తేదీ ఖాయం చేసుకోవాలి. మాటిచ్చి తప్పితే అసలు రాయకపోవడం కంటే చెడ్డపేరు.

డబ్బు పడే ఖాతా గురించి ఒక్క మాట. కంపెనీ తెరిచే శాలరీ ఖాతాకు కొన్ని రోజులు పడుతుంది, మొదటి జీతానికి అది అందకపోవచ్చు. ఉన్న ఖాతా ఇవ్వమంటే, డిగ్రీ మొదటి ఏడాదిలో తెరిచి వదిలేసిన ఖాతా ఇస్తారు. రెండేళ్లపాటు ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే బ్యాంకు దాన్ని నిద్రాణ ఖాతాగా పెడుతుంది, మళ్లీ కేవైసీ ఇస్తేగానీ డబ్బు తీసుకోనివ్వరు. ఊరు వదిలేముందు ఆ ఖాతాలో ఒక వంద రూపాయలు వేసి తీసి చూడమని రాస్తాను. ఆగిపోయి ఉంటే బ్రాంచి ఊళ్లోనే ఉంది, అక్కడే సరిచేసుకోవచ్చు.

ఇవన్నీ కుదిరాక మొదటి రోజు గురించి రాయడం తేలిక. పాటించాల్సింది ఒకటే, అందరూ తొమ్మిదిన్నరకు వస్తారు కాబట్టి కొత్తవాళ్లనూ తొమ్మిదిన్నరకే రమ్మనొద్దు. ఆ వేళలో లిఫ్టుల దగ్గర గుంపు, మేనేజరు మీటింగులో, కొత్త మనిషి రిసెప్షన్‌లో గంటసేపు ఫ్లెక్సీ వైపు చూస్తూ కూర్చోవడం. పదిన్నరకు రమ్మనండి. వాళ్లకోసం ఒక మనిషి ఖాళీగా ఉండేలా చూసి, ఆ మనిషి పేరూ ఫోన్ నంబరూ రాయండి. గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలో వాళ్ల పేరు ముందే రాయించండి. ‘మీ పేరు లిస్టులో లేదమ్మా’ అన్నది మొదటి రోజు వినకూడని మాట.

ఇంతకుముందు ఉద్యోగం చేసి వచ్చేవాళ్లకు రిలీవింగ్ లెటర్ గురించి విడిగా రాయాలి. పాత కంపెనీ చివరి రోజునే అది ఇవ్వకపోవచ్చు, బాకీ లెక్కలు తేలాక పంపిస్తుంది. అది లేకుండా చేరనిస్తారా అన్న భయంతో కొందరు రాత్రిళ్లు నిద్రపోరు. రాజీనామా అంగీకరించిన మెయిల్, చివరి మూడు జీతం స్లిప్పులు ఉంటే చేర్చుకుంటామనీ, రిలీవింగ్ లెటర్‌కు ఎన్ని రోజుల గడువిస్తామనీ రాయండి. పాత కంపెనీలో చివరి రోజుకు ముందు తేదీన ఇక్కడ చేరినట్టు పడకుండా కూడా చూడాలి. పీఎఫ్ రికార్డులో రెండు ఉద్యోగాల తేదీలు ఒకదానిమీద ఒకటి పడితే బదిలీ సమయంలో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. మన ఆఫీసుల్లో ఈ ఉత్తరాలు ఆంగ్లంలోనే వెళ్తాయి. ఉండనివ్వండి. తెలుగు వచ్చిన మనిషికి దానితోపాటు తెలుగులో ఒక పేజీ జతచేయండి. ఆ పేజీ ఇంట్లో నలుగురూ చదువుతారు. జూన్ 15న, అంటే చేరడానికి సరిగ్గా వారం ముందు, నంద్యాల అమ్మాయికి వెళ్లిన రెండో ఉత్తరం ఇలా ఉంటుంది.

‘నమస్తే అండీ. జూన్ 22, సోమవారం మీరు మాతో చేరుతున్నారు. ఆరోజు ఉదయం 10.30కి రండి. అంతకుముందు రావాల్సిన పని లేదు. మీకోసం నేనే కింద రిసెప్షన్‌లో ఉంటాను. నా పేరు, నంబరు చివర ఉన్నాయి. గేటు దగ్గర మీ పేరు చెప్తే చాలు, సెక్యూరిటీవారి దగ్గర రాసి ఉంటుంది.

మీరు అమీర్‌పేటలో హాస్టల్ చూసుకున్నామన్నారు. అక్కడినుంచి రాయదుర్గం వైపు వెళ్లే మెట్రో నేరుగా వస్తుంది, మారనక్కర్లేదు. చివరి స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడవాలి, దారి పటం జతచేశాను. ఊరినుంచి బస్సులో ఎంజీబీఎస్‌లో దిగితే, అక్కడే మెట్రో ఉంది. మియాపూర్ వైపు వెళ్లే రైలెక్కి అమీర్‌పేటలో దిగండి.

పేరు విషయం గుర్తుంది. మీ ఆధార్ సవరణ ఇంకా రాలేదన్నారు. ఫర్వాలేదు, దానివల్ల మీ చేరిక ఆగదు. కొత్త ఆధార్ వచ్చాకే యూఏఎన్ తీసుకుందాం, ఒకటి రెండు వారాలు పట్టినా పీఎఫ్ గడువులోపు చేయవచ్చు. ఫోన్ నంబరు మాత్రం మీదే జతయిందని చెప్పారు, సంతోషం.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒకసారి చూపించడానికి తెండి. చూసి అప్పుడే ఇచ్చేస్తాం. మేం ఏ దశలోనూ డబ్బు అడగం. ఎవరైనా మా పేరు చెప్పి అడిగితే ఇవ్వకండి, వెబ్‌సైట్‌లో ఉన్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి.

జీతం: జూన్‌లో మీరు పనిచేసే 9 రోజులకు సుమారు 9,080 రూపాయలు జులై 7 లోపు మీరిచ్చిన బ్యాంకు ఖాతాలో పడతాయి. జులై నుంచి ప్రతినెలా చివరి పనిరోజున సుమారు 30,350 పడతాయి. ఆఫర్‌లో ఉన్న 35,000కూ దీనికీ తేడా ఎక్కడ పోయిందో వెనక పేజీలో ఒక్కొక్క పద్దూ రాశాను. మొదటి నెల ఖర్చులకు ఇబ్బంది అయితే జీతంలోంచి 10,000 దాకా అడ్వాన్స్ తీసుకోవచ్చు, మూడు నెలల్లో సమంగా కోస్తాం. చేరిన రోజే అడగొచ్చు. కారణం చెప్పక్కర్లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనం మీ టీమ్‌తో. బాక్స్ తెచ్చుకోకండి. మర్నాటి నుంచి తెచ్చుకోవచ్చు. బట్టలు మీకు సౌకర్యంగా ఉన్నవి వేసుకోండి, చుడీదార్, చీర, ప్యాంటు షర్టు ఏదైనా సరే. మొదటి వారం మీరు చేయాల్సిన పని ఏదీ బాకీ ఉండదు. చూడటం, అడగటం, లాప్‌టాప్ సర్దుకోవడం అంతే. సాయంత్రం 6 గంటలకు బయల్దేరవచ్చు.

శుక్రవారం, 19వ తేదీ, సాయంత్రం ఐదుకు మీకు ఫోన్ చేస్తాను. ఆలోపు ఏది తోచినా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.’

ఈ ఉత్తరంలో కంపెనీ చరిత్ర లేదు. దానికి మొదటి వారంలో బోలెడంత సమయం ఉంది. అడ్వాన్స్ వాక్యం చూసి కొందరు యజమానులు ఉలిక్కిపడతారు, అందరూ అడిగేస్తారని. నా అనుభవంలో అడిగేవాళ్లు కొద్దిమందే, అడిగినవాళ్లకు అది నిజంగానే అవసరం. ‘కారణం చెప్పక్కర్లేదు’ అన్న మాటను తీసేయమని ఒకచోట నాతో వాదించారు. నేను తీయలేదు. ఆ మాట లేకపోతే ఆ వెసులుబాటు ఉన్నా లేనట్టే.

శుక్రవారం చేసే ఫోన్ పది నిమిషాలు. ‘ఏమైనా సందేహాలున్నాయా’ అని అడిగితే అందరూ లేవండీ అంటారు. అందుకని నేను విడివిడిగా అడుగుతాను. హాస్టల్ కుదిరిందా? ఏరోజు బయల్దేరుతున్నారు, వెంట ఎవరైనా వస్తున్నారా? ఖాతాలో వంద వేసి చూశారా? ఇంట్లోవాళ్లు ఏమైనా అడగమన్నారా? ఈ చివరి ప్రశ్నకే ఎక్కువసార్లు అసలు సంగతి బయటికొస్తుంది. తను అడగలేనిది అమ్మ అడగమన్నదని చెప్పి అడుగుతారు.

అలా వచ్చిన ప్రశ్నల్ని ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాస్తాను. ఒకే ప్రశ్న ముగ్గురి నుంచి వస్తే ఉత్తరంలో ఒక వాక్యం కలుపుతాను. మొన్న కలిపింది, తెచ్చుకున్న బాక్స్ వేడి చేసుకోవడానికి నాలుగో అంతస్తులో ఓవెన్ ఉందనీ, కూరలో చేప ఉన్నా ఎవరూ ఏమీ అనరనీ.